రెండేళ్ల ఫీజు, ఎనిమిది నెలల చదువు

"యాభై వేలు ఇస్తారట అన్నయ్యా. ఇవాళ సాయంత్రంలోగా సంతకం పెడితేనే అంటున్నారు. పెట్టేయమంటావా?"

మా చెల్లెలు విజయవాడ నుంచి ఫోన్ చేసింది. మేనకోడలిని నీట్ కోచింగ్‌లో రెండేళ్ల ప్లాన్ కింద చేర్పించారు. 2024 జూన్ 1న క్లాసులు మొదలయ్యాయి. దసరా అయ్యాక ఫిజిక్స్, కెమిస్ట్రీ చెప్పే ఇద్దరూ వెళ్లిపోయారు. రెండు బ్యాచ్‌లను కలిపేశారు, కొన్ని గంటలకు రికార్డు చేసిన వీడియోలు పెట్టడం మొదలెట్టారు. సంక్రాంతికి ఇంటికొచ్చిన పిల్ల ఇక వెళ్లనంది. కట్టిన డబ్బు 2,36,000. చదివింది ఎనిమిది నెలలు. తిరిగొచ్చేది యాభై వేలు!

సంతకం మాత్రం పెట్టొద్దన్నాను. వాళ్లు ఇవ్వజూపిన కాగితం అడుగున చిన్న అక్షరాల్లో "పూర్తి, తుది పరిష్కారంగా అంగీకరిస్తున్నాను" అని ఉంది. ఆ మాట కింద సంతకం పడ్డాక మిగతా డబ్బు అడగడం చాలా కష్టం. ముందు వాళ్ల లెక్కేమిటో చూద్దాం, పంపించమన్నాను.

లెక్క చూస్తే ముచ్చటేసింది. కోర్సు అసలు ధర మూడు లక్షలట. మా పిల్లకు లక్ష 'స్కాలర్‌షిప్' ఇచ్చి రెండు లక్షలు చేశారట, దానిపై 18 శాతం జీఎస్టీ 36,000. ఇప్పుడు మధ్యలో మానేస్తోంది కాబట్టి స్కాలర్‌షిప్ రద్దు. అందుకని ఎనిమిది నెలలకూ మూడు లక్షల ధర చొప్పున, అంటే నెలకు 12,500 లెక్కన లక్ష పోయింది. రిజిస్ట్రేషన్ 20,000 తిరిగివ్వరు. పుస్తకాలు, ట్యాబ్ కలిపి 30,000. మిగిలింది యాభై వేలు. జీఎస్టీ ప్రభుత్వానికి కట్టేశాం కాబట్టి దాని ఊసే లేదు.

ఇందులో న్యాయమైనది ఒక్కటుంది. పుస్తకాలు, ట్యాబ్ మన దగ్గరే ఉన్నాయి, వాటి ధర వాళ్లకు చెందాల్సిందే. అయితే అంత ధర కాదు. అదే ట్యాబ్, అలాంటి పుస్తకాలు బజారులో ఎంతకొస్తాయో విచారిస్తే ఇరవై వేలకు మించలేదు. రెండు లక్షల్లోంచి ఆ ఇరవై వేలు తీసేస్తే చదువు చెప్పినందుకు ఇచ్చింది 1,80,000. ఇరవై నాలుగు నెలలకు పంచితే నెలకు 7,500. జరిగిన ఎనిమిది నెలలకు 60,000. జరగని పదహారు నెలలకు 1,20,000, దానిపై జీఎస్టీ 21,600. మొత్తం 1,41,600. వాళ్లు ఇస్తామన్నదానికి దాదాపు మూడింతలు.

స్కాలర్‌షిప్‌ను వెనక్కి లాక్కోవడం కొత్త ఎత్తేం కాదు. జపాన్‌లో నోవా అనే పెద్ద ఇంగ్లిష్ సంభాషణ బళ్ల గొలుసు ఉండేది. ఒకేసారి ఎక్కువ పాఠాలు కొంటే ఒక్కో పాఠం చవగ్గా ఇచ్చేది. మధ్యలో మానేస్తే మాత్రం అయిపోయిన పాఠాలకు ఎక్కువ ధర కట్టి, మిగిలినదే తిరిగిచ్చేది. 2007 ఏప్రిల్‌లో అక్కడి సుప్రీంకోర్టు అది చెల్లదంది. కొన్నప్పుడు ఒప్పుకున్న ధర ఏదో, మానేసేటప్పుడూ అదే ధర అంది. ఆ ఏడాది చివరికల్లా నోవా దివాలా తీసింది, కట్టిన డబ్బు రాని విద్యార్థులు లక్షల్లో మిగిలారు. పరాయి దేశపు తీర్పు మన కమిషన్లను కట్టిపడేయదు గానీ, వాదన మాత్రం అచ్చంగా మన పిల్లల కేసే.

మరి మన దగ్గర దేనిమీద నిలబడి అడగాలి? ముందుగా తెలుసుకోవాల్సింది కాలేజీకీ కోచింగ్‌కూ ఉన్న తేడా. విద్యాసంస్థలు వినియోగదారుల చట్టం కిందికి రావని వాటి తరఫు లాయర్లు వాదిస్తుంటారు. 2020 జనవరిలో జాతీయ వినియోగదారుల కమిషన్ పెద్ద ధర్మాసనం ఈ విషయాన్ని తేల్చింది. విద్యాసంస్థల మాటెలా ఉన్నా కోచింగ్ సంస్థలు ఆ మినహాయింపులోకి రావని, వాటి సేవాలోపం మీద ఫిర్యాదు వినొచ్చని చెప్పింది. మన తెలుగు రాష్ట్రాల్లో చిక్కు ఇక్కడే. ఇంటర్, కోచింగ్, హాస్టల్ అన్నీ కలిపి ఒకే రసీదు ఇచ్చే పద్ధతి మనకు అలవాటైపోయింది. అప్పుడు ఇది కాలేజీ ఫీజా, కోచింగ్ ఫీజా అన్న తగువుతోనే నెలలు గడిచిపోతాయి. చేరేరోజే రెండింటికీ వేర్వేరు రసీదులు అడిగి తీసుకోవడం అందుకే మంచిది. మా చెల్లెలు అదృష్టం కొద్దీ పిల్లను వేరే కాలేజీలో చదివిస్తూ, కోచింగ్‌కు విడిగా పంపింది.

2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్ల మీద మార్గదర్శకాలు పంపింది. మొత్తం ఫీజు కట్టిన విద్యార్థి మధ్యలో మానేస్తే, మిగిలిన కాలానికి దామాషా ప్రకారం పది రోజుల్లో తిరిగివ్వాలని అందులో ఉంది. వాళ్ల హాస్టల్లో ఉంటే హాస్టల్, మెస్ ఫీజులూ అంతే. చదివితే ప్రాణం లేచొస్తుంది. కానీ అవి రాష్ట్రాలు అమలు చేసుకోవడానికి పంపిన మార్గదర్శకాలే, నేరుగా కోచింగ్ సెంటర్ మెడలు వంచే చట్టం కాదు. నోటీసులో రాస్తే బరువుంటుంది. అదొక్కటే పట్టుకుని కూర్చుంటే మాత్రం పని జరగదు.

అసలు బలం 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. అవతలివాళ్లకు జరిగిన నష్టంతో పొంతన లేని జరిమానా వినియోగదారుడి మీద వేసే షరతును ఆ చట్టం అన్యాయమైన ఒప్పందంగా చూస్తుంది. 'ఫీజు ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగివ్వబడదు' అన్న ముద్ర కొట్టినంత మాత్రాన అది వేదవాక్కు కాదు. ఇక్కడో మెలిక ఉంది. ఒప్పందమే అన్యాయమైనది, దాన్ని కొట్టేయండి అని అడగాలంటే రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. చెప్పాల్సిన చదువు చెప్పలేదు, నా డబ్బు నాకివ్వండి అని అడగడానికి జిల్లా కమిషన్ చాలు. నావరకు రెండోదే సులువు.

అందుకే మానేయడానికి కారణం ఏమిటన్నది ముఖ్యం. లెక్చరర్లు మారిపోయారని, క్లాసులు వీడియోలయ్యాయని చూపించగలిగితే అది సేవాలోపం. పిల్ల మనసు మారి ఇంజినీరింగ్ వద్దు, లా చదువుతానంటే సంస్థ తప్పేమీ లేదు. అప్పుడూ అడగొచ్చు, కొందరికి వచ్చింది కూడా. కానీ తనంతట తానే మానేసిందంటూ కొట్టేసిన కేసులూ ఉన్నాయి. మా మేనకోడలి దగ్గర బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో వచ్చిన పాత టైమ్‌టేబుళ్లు, కొత్త టైమ్‌టేబుళ్లు ఉన్నాయి. గ్రూపులోంచి తీసేయకముందే వాటిని దాచుకోమన్నాను. వారం తిరక్కుండానే తీసేశారు మరి.

రెండో పని తేదీ. క్లాసులకు వెళ్లడం ఆపేస్తే కోర్సు మానేసినట్టు కాదు, గైర్హాజరైనట్టు. జనవరి 31న సంస్థ అధికారిక ఈమెయిల్‌కు నాలుగు వాక్యాలు రాయించాను. ఈ రోజుతో మానేస్తున్నాం, కారణాలివి, జరగని పదహారు నెలలకు లెక్క ఇది, లోన్ ఇచ్చిన కంపెనీకి కూడా తెలియజేయండి అని. మీ సిలబస్‌లో ముప్పావు భాగం మొదటి ఏడాదిలోనే అయిపోతుంది, నెలల లెక్క కుదరదు అని జవాబొచ్చింది. అది తీసిపారేయాల్సిన వాదన కాదు. అయితే జనవరి చివరిదాకా ఏయే అధ్యాయాలు పూర్తయ్యాయో చూపమన్నాం. చూపలేదు. భాషా కోర్సుల్లో ఈ తగువు తక్కువ. జర్మన్ నేర్చుకునే నర్సమ్మ ఏ1 నుంచి బీ2 దాకా నాలుగు స్థాయిలకూ ఒకేసారి కట్టి ఏ2తో ఆపేస్తే, ముట్టుకోని రెండు స్థాయిల ధర విడిగా కనిపిస్తూనే ఉంటుంది.

జీఎస్టీ సంగతి. ప్రభుత్వానికి కట్టేశామన్నది నిజమే కావచ్చు. సేవ అందకపోతే క్రెడిట్ నోటు ఇచ్చి వాళ్లు ఆ పన్నును సర్దుబాటు చేసుకోవచ్చు. బిల్లు ఇచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 దాకా గడువుంటుంది. 2024 జూన్ బిల్లుకు 2025 నవంబరు 30 దాకా అన్నమాట. ఈ ఒక్క ముక్క ఈమెయిల్‌లో రాసేసరికి అవతల అకౌంటెంటు గొంతు మారింది.

అన్నిటికన్నా ప్రమాదం లోన్‌ది. మా బావ కట్టింది సంస్థకు కాదు. చేరేరోజు ఆఫీసులో ట్యాబ్ మీద ఓటీపీ చెప్పించుకుని ఒక ఫైనాన్స్ కంపెనీలో లోన్ తెరిచారు. ఆ కంపెనీ సంస్థకు ఒకేసారి డబ్బు ఇచ్చేసింది. ఇరవై నాలుగు నెలల 'వడ్డీ లేని' వాయిదాలు, నెలకు 9,833. కోర్సు మానేస్తే లోన్ ఆగదు, అవి రెండు వేర్వేరు ఒప్పందాలు. కోపంతో బ్యాంకులో ఆటో డెబిట్ ఆపిస్తే పాడయ్యేది మన క్రెడిట్ స్కోరు. డిజిటల్ లోన్లకు రిజర్వు బ్యాంకు పెట్టిన కూలింగ్ ఆఫ్ గడువు ఉంది గానీ అది కొద్ది రోజుల మాట. ఆ రోజుల్లో అసలు, ఆ రోజుల వడ్డీ కట్టి జరిమానా లేకుండా బయటపడొచ్చు. ఎనిమిది నెలల తర్వాత పనికిరాదు. అందుకని వాయిదాలు కడుతూనే పోరాడమన్నాను. బావకు నచ్చలేదు. "చెప్పని చదువుకు డబ్బు కట్టాలా బావా?" అన్నాడు. కట్టాలి, తర్వాత రాబట్టుకోవాలి.

రెండు వారాలు చూసి 1915కి ఫోన్ చేశారు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తీర్పు చెప్పదు, సంస్థకు ఫిర్యాదు పంపి జవాబు రప్పిస్తుంది. కోచింగ్ సంస్థల నుంచి ఆరు వందల మందికి పైగా అభ్యర్థులకు 1.56 కోట్ల రూపాయలు తిరిగి ఇప్పించినట్టు 2025లో కేంద్రం ప్రకటించింది. అక్కడ తెగకపోతే జిల్లా కమిషన్‌కు ఫిర్యాదు సిద్ధంగా పెట్టుకున్నాం. కట్టిన మొత్తం అయిదు లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు. మనం ఉండే ఊళ్లోనే వేయొచ్చు, ఫారం మీద 'ఢిల్లీ కోర్టుల పరిధి' అని రాసి ఉన్నా సరే. గడువు రెండేళ్లు. ఈ గడువులోనే మెలకువగా ఉండాలి. సంస్థే దివాలా ప్రక్రియలోకి వెళ్తే వినియోగదారుల కేసులు ఆగిపోతాయి. 2024 జులైలో బైజూస్ మాతృసంస్థ అలా వెళ్లింది. అప్పుడు దివాలా నిపుణుడి దగ్గర క్లెయిం వేసి, బ్యాంకుల వెనక వరసలో నిలబడాలి.

మార్చి చివర్లో సంస్థ 1,25,000కు ఒప్పుకుంది. మన లెక్క కంటే 16,600 తక్కువ. కేసంటే ఏడాది పడుతుందని చెల్లెలు సరేనంది. నేనైతే ఇంకొంచెం లాగేవాణ్ని, కానీ నెలనెలా వాయిదా కడుతున్నది నేను కాదు కదా. ఆ డబ్బు నేరుగా ఫైనాన్స్ కంపెనీకే వెళ్లింది. అప్పటికి పది వాయిదాలు పోగా మిగిలిన లోన్‌లో దాదాపు 12,700 వీళ్లు సొంతంగా కట్టి ఖాతా మూయించారు.

మీరూ ఇలాంటి పనిలో ఉంటే, డబ్బు సర్దుబాటయిందన్న ఫోన్‌తో ఊరుకోకండి. లోన్ మూసేసినట్టు కంపెనీ నుంచి ఎన్‌ఓసీ తీసుకోండి, రెండు నెలలాగి క్రెడిట్ రిపోర్టు తెరిచి చూడండి. మా బావ రిపోర్టులో జూన్ దాకా ఆ లోన్ ఇంకా నడుస్తున్నట్టే కనిపించింది. ఎన్‌ఓసీ పంపి సరిచేయించాల్సొచ్చింది.