డాక్టరు గారితో కలిసి రాయాలంటే

"సార్, మీరంటే నాకెంతో గౌరవం. ఆరోగ్య విషయాల మీద మీతో కలిసి ఒక వ్యాసం గానీ వెబినార్ గానీ చేయాలని కోరిక. వీలు చూసుకుని చెప్పగలరు."

పేరున్న కిడ్నీ డాక్టరుకు ఒక రచయిత పెట్టే మెసేజ్ సాధారణంగా ఇలాగే ఉంటుంది. మర్యాదకు లోటేమీ లేదు. కానీ ఆయన ఏమని జవాబివ్వాలి? ఏ విషయమో, తన సమయం ఎంత పోతుందో, ఎవరు అచ్చువేస్తారో ఒక్కటీ తెలియదు. కాదనడానికి మొహమాటం, సరేననడానికి ఆధారం లేదు. ఓపీ ముగిసేసరికి రాత్రవుతుంది, మెసేజ్ అడుగున పడిపోతుంది.

జవాబు రావాలంటే అందులో డాక్టరే తేల్చాల్సిన ప్రశ్న ఒకటి ఉండాలి. రచయిత తనంతట తాను చదివి, లెక్క కట్టి, ఇక ముందుకు పోలేక ఆగిన చోటు అది.

క్రియాటినిన్ పరీక్షనే తీసుకుందాం. 25 ఏళ్ల కుర్రవాడికీ, 60 ఏళ్ల ఆవిడకూ రిపోర్టులో 1.1 అనే వచ్చింది. ఇద్దరికీ ఒకే పరిధి అచ్చువేసే ల్యాబు కాగితం మీద ఇద్దరివీ 'నార్మల్' గానే కనిపించవచ్చు. కానీ కండ నుంచి పుట్టే క్రియాటినిన్ ఎవరి ఒంట్లో ఎంత ఉంటుందన్నది వయసును, కండపుష్టిని బట్టి మారుతుంది. అందుకే వయసు, ఆడా మగా అన్నది కూడా కలిపి, కిడ్నీలు రక్తాన్ని ఎంత వేగంగా వడపోస్తున్నాయో అంచనా కడతారు. దాన్నే ఈజీఎఫ్ఆర్ అంటారు. 2021లో వచ్చిన సూత్రంతో లెక్కిస్తే కుర్రవాడికి సుమారు 95, ఆవిడకు సుమారు 57 వస్తుంది. 60 కన్నా తక్కువ మూడు నెలలకు పైగా నిలిచి ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కింద లెక్క.

ఇంతవరకు రచయిత సొంతంగా రాయగలరు. ఆవిడకు ఇది వయసుతో వచ్చిన తగ్గుదలా, జబ్బా? ఇక్కడ డాక్టరు కావాలి. అప్పుడు మెసేజ్ ఇలా వస్తుంది:

"డాక్టరు గారికి నమస్కారం. నేను వారపత్రికలో ఆరోగ్య వ్యాసాలు రాస్తుంటాను. క్రియాటినిన్ 1.1 అందరికీ ఒకటి కాదని సామాన్య పాఠకులకు చెప్పాలనుకుంటున్నాను. లెక్క నేను వేశాను, కింద జతచేశాను. 60 ఏళ్లు దాటినవారిలో ఈజీఎఫ్ఆర్ 57 వస్తే వయసు ప్రభావాన్నీ జబ్బునూ మీరెలా వేరుచేస్తారు, మూత్రంలో అల్బుమిన్ పరీక్ష ఎప్పుడు రాస్తారు అన్నది మీరు చెప్పాలి. ఫోనులో అరగంట చాలు. రాత పని నాది. వైద్య విషయంలో చివరి మాట మీది; మీరు చదివి ఒప్పుకోనిదే అచ్చుకు పంపను. దీని వెనుక మందుల కంపెనీ గానీ ల్యాబు గానీ లేవు. వచ్చే నెల 10లోగా వీలుపడకపోతే ఒక్క మాట చెప్పండి చాలు."

చివరి మాట ఎవరిదో ముందే తేల్చడం మెసేజ్‌లో అన్నిటికన్నా విలువైన వాక్యం అని నా అభిప్రాయం. రచయితే అంతా రాసేసి పేరు మాత్రం డాక్టరుది పెట్టడం పాత జబ్బు. వైద్య పత్రికల సంపాదకులు పాటించే నియమాల ప్రకారం, రచయితగా పేరుండాలంటే ఆలోచనలోనో సమాచార సేకరణలోనో చెప్పుకోదగ్గ పాత్ర ఉండాలి. దానితోపాటు రాతలోనో సవరణలోనో కూడా పాలు ఉండాలి. తుది ప్రతిని ఆమోదించాలి. తప్పు దొర్లితే జవాబుదారీ కావాలి. మన పత్రికలకు ఆ నియమం వర్తించకపోయినా కొలబద్దగా పనికొస్తుంది. అరగంట మాట్లాడి ఊరుకున్న డాక్టరు సహరచయిత కారు. "డాక్టరు గారితో మాట్లాడి రాసినది" అని వేయడమే నిజాయితీ. ప్రతిని సరిచేసి బాధ్యత తీసుకుంటే ఇద్దరి పేర్లూ వేయవచ్చు.

డాక్టర్లు వెనకాడే కారణం ఇంకొకటుంది. మన దేశంలో వైద్యుల నడవడికపై 2002లో వచ్చిన నిబంధనల ప్రకారం ప్రజారోగ్యం గురించి డాక్టరు తన పేరుతో పత్రికల్లో రాయవచ్చు, ఉపన్యాసమూ ఇవ్వవచ్చు. అది తన ప్రాక్టీసుకు ప్రచారం మాత్రం కాకూడదు. కాబట్టి వ్యాసం కింద ఆసుపత్రి ఫోను నంబరు గానీ, "ఫలానా చికిత్సలో దిట్ట" వంటి పొగడ్త గానీ ఉండవని మెసేజ్‌లోనే రాస్తే ఆయన జంకు సగం తీరుతుంది.

వెబినార్ అయితే మరో చిక్కు. క్రియాటినిన్ అనగానే జనం తమ రిపోర్టులు చదవడం మొదలుపెడతారు. మనిషిని చూడకుండా, పాత పరీక్షలు తెలియకుండా వాటికి సమాధానం చెప్పడం డాక్టరుకు ఇబ్బంది, అడిగినవారికి ప్రమాదం. ప్రశ్నలు ముందే రాతలో తీసుకుని, పేర్లు తీసేసి, అందరికీ వర్తించేవే అడుగుతానని చెప్పాలి. రికార్డింగును ఎక్కడ ఉంచుతారో, దాన్ని ముక్కలుగా కత్తిరించి వాడతారో లేదో కూడా అప్పుడే తేల్చుకోవాలి. "రెండు పరీక్షలు కావాలి" అన్న వాక్యంలో ముందూ వెనకా కత్తిరిస్తే అది ల్యాబు ప్రకటన అవుతుంది.

వ్యాసం, వెబినార్ రెండూ ఒకేసారి అడగకండి. ముందు వ్యాసం అడగండి. ప్రతిని ఆయన ఎర్రసిరాతో దిద్ది పంపితే అప్పుడు వెబినార్ మాట ఎత్తవచ్చు. దిద్దకుండా "బాగుంది" అని మాత్రమే పంపితే, నిజంగా చదివారో లేదో ఆ 57 గురించి ఫోను చేసి అడగాలి.