చుట్టు పెద్దదైనా పట్టే కాలం ఒకటే

1931 జనవరి 2. అమెరికాలోని బర్కిలీలో స్టాన్లీ లివింగ్‌స్టన్ అనే పరిశోధక విద్యార్థి, అరచేతిలో పట్టేంత గుండ్రటి డబ్బాను అయస్కాంతం రెండు ధ్రువాల మధ్య పెట్టి పరీక్షిస్తున్నాడు. డబ్బా అడ్డంగా నాలుగున్నర అంగుళాలు. గాలి చొరబడకుండా అతుకులన్నిటికీ మైనం పూశాడు. దానికి ఇచ్చిన వోల్టేజీ 2 వేలకు మించలేదు. అంచు దగ్గరికి వచ్చిన హైడ్రోజన్ అయాన్లలో మాత్రం 80 వేల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంది. ఇచ్చినదానికి నలభై రెట్లు! అతని గురువు ఎర్నెస్ట్ లారెన్స్ రెండేళ్లుగా చెబుతూ వచ్చిన ఊహ నిజమైంది. ఆ పరికరానికే తర్వాత సైక్లోట్రాన్ అని పేరు స్థిరపడింది.

ఎలక్ట్రాన్ వోల్టు అంటే కంగారుపడనక్కర్లేదు. ఒక ప్రోటాన్ ఒక వోల్టు తేడా దాటితే దానికి వచ్చే శక్తి అంతే. పరమాణు కేంద్రకాన్ని ఛేదించాలంటే ప్రోటాన్లకు ఇలాంటివి లక్షల్లో కావాలి. కేంద్రకంలోనూ ధనావేశమే, ప్రోటాన్‌లోనూ ధనావేశమే కాబట్టి దగ్గరికి వెళ్లేకొద్దీ రెండూ నెట్టుకుంటాయి. లక్షల వోల్టులను ఒక్కచోట నిలబెట్టడమూ సులువు కాదు. ఎక్కడో ఒకచోట నిప్పురవ్వ ఎగిరి, విద్యుత్తు దారి తప్పుతుంది.

1929లో లారెన్స్ గ్రంథాలయంలో ఒక జర్మన్ పత్రిక తిరగేస్తున్నాడు. రోల్ఫ్ విడెరో అనే నార్వే ఇంజినీరు రాసిన వ్యాసం కంటపడింది. లారెన్స్‌కు జర్మన్ అంతంతమాత్రమే, బొమ్మలు చూశాడు. వరుసగా పెట్టిన గొట్టాల మధ్య సందుల్లో, దిశ మారుతుండే ఒకే వోల్టేజీతో అయాన్‌ను రెండుసార్లు నెట్టి, 25 వేల వోల్టులతో 50 వేల వోల్టుల ఫలితం రాబట్టాడు విడెరో. సందులు పెంచుకుంటూ పోతే శక్తి పెరుగుతుంది. అయితే గొట్టాల వరుసా పొడవవుతుంది. దారినే చుట్టగా తిప్పేసి, అదే సందులోంచి అయాన్‌ను మళ్లీ మళ్లీ పంపితే సరిపోదా అన్నది లారెన్స్‌కు తట్టిన ఆలోచన.

లోపలి అమరికలో దాపరికమేమీ లేదు. బోలుగా ఉన్న గుండ్రటి రాగి డబ్బాను నడిమికి కోసి, రెండు ముక్కలనూ కాస్త ఎడంగా పెడితే రెండు డీలు అవుతాయి. ఇంగ్లిషు డి అక్షరంలా ఉంటాయి కాబట్టి ఆ పేరు. లివింగ్‌స్టన్ తొలి డబ్బాలో నిజానికి ఒకటే డీ, రెండో పక్కన ఉన్నది చిన్న కడ్డీ మాత్రమే. డీ లోపల విద్యుత్ క్షేత్రం ఉండదు. అక్కడ పైనుంచి కిందికి పనిచేసే అయస్కాంత క్షేత్రం మాత్రమే అయాన్‌ను వంచుతుంది. అది పక్కకు తిప్పుతుందే తప్ప వేగం పెంచదు. వేగం పెరిగేది సందులోనే. అయాన్ అరచుట్టు తిరిగి సందు దగ్గరికి వచ్చేసరికి వోల్టేజీ దిశ మారి ఉండాలి, అప్పుడే రెండోసారీ ముందుకే నెట్టు పడుతుంది. ఇలా ప్రతి అరచుట్టుకూ ఒక నెట్టు. చుట్టు పెద్దదవుతూ అయాన్ అంచువైపు జరుగుతుంది.

ఇక్కడే ఒక అనుమానం రావాలి. వేగం పెరుగుతుంటే అయాన్ త్వరగా తిరిగి వచ్చేస్తుంది కదా, వోల్టేజీ కూడా అంత త్వరగా దిశ మార్చుకోవాలి కదా? అలా చేయాల్సి వస్తే ఈ యంత్రం కాగితం మీదే మిగిలిపోయేది. వేగం రెట్టింపైతే అయస్కాంతం వంచే చుట్టు వ్యాసార్ధమూ సరిగ్గా రెట్టింపవుతుంది. నడవాల్సిన దూరమూ రెండింతలు, నడిచే వేగమూ రెండింతలు. పట్టే కాలం అదే. లెక్కలో రాస్తే సెకనుకు చుట్ల సంఖ్య

f = qB / 2πm

ఇందులో q అయాన్ ఆవేశం, B అయస్కాంత క్షేత్రం, m ద్రవ్యరాశి. వేగం ఎక్కడా లేదు, వ్యాసార్ధమూ లేదు. ఈ మూడూ మారనంతకాలం రేడియో ఆసిలేటర్‌ను ఒక్క పౌనఃపున్యం దగ్గర వదిలేసి కూర్చోవచ్చు.

లారెన్స్, లివింగ్‌స్టన్ 1932లో నడిపిన పదకొండు అంగుళాల యంత్రంలో ఇది ఎలా ఉండేదో చూద్దాం. అయస్కాంత క్షేత్రం సుమారు 1.4 టెస్లాలు. ఆ క్షేత్రంలో ప్రోటాన్ సెకనుకు దాదాపు 2 కోట్ల 13 లక్షల సార్లు తిరుగుతుంది. డీల మధ్య వోల్టేజీ గరిష్ఠంగా 4 వేలు. మొదటి నెట్టు తగిలిన ప్రోటాన్ సెకనుకు సుమారు 875 కిలోమీటర్ల వేగంతో, ఆరున్నర మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో తిరుగుతుంది. అంచుకు చేరేసరికి వ్యాసార్ధం పదకొండు సెంటీమీటర్లు దాటుతుంది, వేగం సెకనుకు 15 వేల కిలోమీటర్లవుతుంది. చుట్టుకు పట్టే కాలం మాత్రం రెండుచోట్లా ఒక సెకనులో వందకోట్ల వంతులు 47. దాదాపు 300 నెట్లు, 150 చుట్లు. చివరికి 12 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులకు పైగా శక్తి. ప్రయాణమంతా సెకనులో పదిలక్షల వంతులు ఏడింటిలో ముగుస్తుంది.

సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకునే పద్ధతి ముచ్చటగా ఉంటుంది. ఆసిలేటర్‌ను అలాగే ఉంచి, అయస్కాంతానికి వెళ్లే కరెంటును మెల్లగా పెంచుకుంటూ పోతారు. అంచు దగ్గర అయాన్లను పట్టే చిన్న గిన్నె ఒకటి ఉంటుంది. చాలాసేపు అందులో ఏమీ పడదు. క్షేత్రం ఆ ఒక్క విలువకు రాగానే గిన్నెలో కరెంటు ఒక్కసారిగా లేచి, విలువ దాటగానే పడిపోతుంది. గ్రాఫు గీస్తే సూదిమొనలాంటి శిఖరం. అలాంటి శిఖరాన్ని చూసే లివింగ్‌స్టన్ తన అయాన్లు నిజంగానే చుట్లు తిరుగుతున్నాయని నమ్మాడు.

వోల్టేజీ తగ్గిస్తే అయాన్ ఎక్కువ చుట్లు తిరుగుతుంది, అంతే. చివరి శక్తిని తేల్చేవి క్షేత్రమూ అంచు వ్యాసార్ధమూ. వ్యాసార్ధం రెట్టింపు చేస్తే శక్తి నాలుగింతలు. అందుకే లారెన్స్ చూపంతా పెద్ద అయస్కాంతాల మీదే. ఒక రేడియో కంపెనీ పక్కన పడేసిన 80 టన్నుల అయస్కాంతాన్ని అడిగి తెచ్చుకున్నాడు. దానితో 27 అంగుళాల యంత్రం, ఆ తర్వాత 37 అంగుళాలది కట్టాడు. కొత్త అయస్కాంతంతో 1939లో 60 అంగుళాలది వచ్చింది. ఆ ఏడే నోబెల్ బహుమతి. ఇలా ఎంత దూరమైనా పోవచ్చనిపించే దశ అది.

పోలేకపోవడానికి కారణం ఆ సూత్రంలోని m. అది మారదనుకున్నాం. ఐన్‌స్టీన్ సాపేక్షత సిద్ధాంతం ప్రకారం శక్తి పెరిగిన కణం, ఆ మేరకు బరువెక్కినట్టే ప్రవర్తిస్తుంది. నిలకడగా ఉన్న ప్రోటాన్ ద్రవ్యరాశికి సమానమైన శక్తి 93.8 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. దానికి ఒక కోటి ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వస్తే ద్రవ్యరాశి నూటికి ఒకటికి కాస్త పైగా పెరుగుతుంది. చుట్టుకు పట్టే కాలమూ అంతే పెరుగుతుంది. ఒక్క శాతమే కదా అనిపిస్తుంది. ఆలస్యం చుట్టు చుట్టుకూ పోగవుతుంది, అక్కడ ఉంది చిక్కు. ఉయ్యాల ఊపేవాడు ప్రతిసారీ రవ్వంత తేడాతో చెయ్యి వేస్తే, కొంతసేపటికి ఎదురొచ్చే ఉయ్యాలను తానే ఆపుతుంటాడు. ప్రోటాన్ పావు ఆవృత్తి వెనకబడిందంటే సందు దగ్గరికి వచ్చేసరికి వోల్టేజీ సున్నా. ఇంకా ఆలస్యమైతే అదే వోల్టేజీ వేగాన్ని తగ్గిస్తుంది.

చిన్న లెక్క వేద్దాం. ఒక కోటి ఎలక్ట్రాన్ వోల్టులకు చేరేలోపు ఆలస్యం సున్నా నుంచి ఒక శాతం దాకా పెరుగుతుంది. సగటున చుట్టుకు అర శాతం అనుకుందాం. పావు ఆవృత్తి ఆలస్యం పోగవడానికి 47 చుట్లు చాలు. అంటే ఆలోగానే గమ్యం చేరాలి. చుట్టుకు రెండు నెట్ల చొప్పున, ఒక్కో నెట్టు లక్ష వోల్టులకు పైనే ఉండాలి. ఇప్పుడు రెండు కోట్లు కావాలంటే? సగటు ఆలస్యం ఒక శాతం, కాబట్టి చుట్లు 23కు తగ్గాయి. వాటిలోనే రెట్టింపు శక్తి అందాలి. నెట్టుకు 4 లక్షలకు పైగా వోల్టులు! శక్తి రెట్టింపు చేయాలంటే వోల్టేజీ నాలుగింతలు. మొదట్లో ప్రోటాన్ కాస్త ముందే వచ్చేలా పౌనఃపున్యాన్ని సర్దితే తక్కువ వోల్టేజీతో గడుస్తుంది కానీ ఈ నాలుగింతల నియమం పోదు. మరి ఎలక్ట్రాన్ సంగతి? అది మరీ తేలిక, 10 వేల ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరే రెండు శాతం బరువెక్కుతుంది. సైక్లోట్రాన్‌లో ఎలక్ట్రాన్లను తిప్పరు అనడానికి ఇదే కారణం.

బరువు పెరిగినంత మేర అంచువైపు అయస్కాంత క్షేత్రాన్నీ పెంచితే సరిపోతుంది కదా అని పాఠకులు అడగొచ్చు. కాలం సరిపోతుంది, కణాలు మిగలవు. డబ్బాలో ప్రోటాన్లన్నీ ఒకే మట్టాన తిరగవు, కొన్ని కాస్త పైకి, కొన్ని కిందికి జారుతుంటాయి. క్షేత్రం అంచువైపు కొద్దిగా తగ్గుతూ ఉంటే బలరేఖలు బయటికి ఉబ్బి, జారిన కణాన్ని మధ్య మట్టానికి తోస్తాయి. తొలి యంత్రాలు బాగా పనిచేసింది దీనివల్లే. లివింగ్‌స్టన్ పలచని ఇనుప ముక్కలను అక్కడా ఇక్కడా దూర్చి, కరెంటు పెరుగుతోందో లేదో చూస్తూ ఈ వంపును సరిచేశాడు. క్షేత్రాన్ని అంచువైపు పెంచితే తోపు దిశ తారుమారై, కణాలు డబ్బా పైకప్పుకో అడుగుకో తగిలి పోతాయి. ఒకదానికి కావలసింది రెండోదానికి గిట్టదు.

ఈ రెండు ముడులనూ కలిపి చూపి, సైక్లోట్రాన్‌కు హద్దు దగ్గరలోనే ఉందని 1937లో హాన్స్ బేతె, మోరిస్ రోజ్ ప్రకటించారు. లారెన్స్ వెనక్కి తగ్గలేదు. 184 అంగుళాల యంత్రం తలపెట్టి, డీల మీద పది లక్షల వోల్టుల స్థాయి వోల్టేజీ పెట్టి గట్టెక్కుదామనుకున్నాడు. మొండి ధైర్యమే అనాలి. ఈలోగా యుద్ధం వచ్చి ఆ అయస్కాంతాన్ని యురేనియం పనికి మళ్లించారు. యుద్ధం అయ్యేసరికి రష్యాలో వెక్స్లర్, బర్కిలీలో మెక్‌మిలన్ విడివిడిగా వేరే మార్గం చెప్పారు. ప్రోటాన్ ఆలస్యమైనకొద్దీ రేడియో పౌనఃపున్యాన్నే తగ్గించుకుంటూ పోవాలి. 184 అంగుళాల యంత్రం 1946 నవంబరులో ఈ పద్ధతిలోనే నడిచి, డ్యూటెరాన్లకు 19 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు ఇచ్చింది. మూల్యం లేకపోలేదు. ఒక కణాల గుంపు అంచు చేరేదాకా రెండో గుంపును పంపలేరు. ధార తెగి, విడతలు విడతలుగా వస్తుంది కాబట్టి సగటు కరెంటు బాగా పడిపోతుంది.

ధార తెగకుండా హద్దు దాటే దారిని ఎల్.హెచ్. థామస్ 1938లోనే చెప్పాడు. అయస్కాంత ధ్రువాన్ని నున్నగా కాకుండా ఎత్తుపల్లాల రంగాలుగా చెక్కితే, కణం బలమైన, బలహీనమైన క్షేత్రాలను మార్చి మార్చి దాటుతుంది. ఆ అంచుల దగ్గరే మధ్య మట్టానికి తోపు దొరుకుతుంది. ఇక సగటు క్షేత్రాన్ని అంచువైపు నిశ్చింతగా పెంచుకోవచ్చు, చుట్టుకాలం మళ్లీ స్థిరంగా ఉంటుంది. అంత జటిలమైన ఆకారాన్ని లెక్కగట్టి ఇనుములో దించడం ఆనాడు కష్టం, అందుకే ఆ ఆలోచన చాలాకాలం మూలపడింది. కోల్‌కతాలో 1977 నుంచి ఉన్న 224 సెంటీమీటర్ల సైక్లోట్రాన్ ఈ జాతిదే. పెట్ స్కాన్‌కు కావలసిన ఫ్లోరిన్-18ను తయారుచేసే ఆసుపత్రి సైక్లోట్రాన్లూ ఎక్కువగా ఇవే. ప్రోటాన్లను కోటి నుంచి రెండు కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల లోపు తిప్పి, ఆక్సిజన్-18 ఉన్న నీటి మీదికి వదులుతాయి. ఫ్లోరిన్-18 దాదాపు 110 నిమిషాలకు సగమైపోతుంది కాబట్టి యంత్రం స్కానింగ్ కేంద్రానికి మరీ దూరంగా ఉంటే కుదరదు.

కెనడాలో వాంకోవర్‌లోని ట్రయంఫ్ సైక్లోట్రాన్ 52 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల దాకా వెళ్తుంది. అక్కడ అడ్డుపడింది వేరొకటి. అది తిప్పేది ప్రోటాన్‌ను కాదు, రెండు ఎలక్ట్రాన్లున్న హైడ్రోజన్ రుణ అయాన్‌ను. చివర్లో పలచటి రేకు గుండా పంపి ఆ ఎలక్ట్రాన్లను ఊడబెరికితే, ఆవేశం తారుమారై ప్రోటాన్ తనంతట తానే బయటికి వంగి వచ్చేస్తుంది. సౌకర్యం గొప్పదే. అయితే ఇంత వేగంలో క్షేత్రం బలంగా ఉంటే, ఆ రెండో ఎలక్ట్రాన్ దారిలోనే ఊడిపోతుంది. అలా కాకూడదని క్షేత్రాన్ని అర టెస్లా చుట్టుపక్కలే ఆపారు. క్షేత్రం తగ్గితే అదే శక్తికి వ్యాసార్ధం పెరగాలి. ఫలితంగా ఆ అయస్కాంతం అడ్డంగా 18 మీటర్లు, బరువు దాదాపు 4 వేల టన్నులు.