ముందు పొట్ట తేలికపడాలి, తర్వాతే కొత్త తిండి

ఆటిజం ఉన్న ఐదేళ్ల బాబు ఒకడున్నాడనుకుందాం. తినేవి మూడే: పల్చటి తెల్ల దోసె, ఒకే కంపెనీ బిస్కెట్లు, రోజుకు లీటరు పాలు. నిక్కరుకు తరచూ పల్చటి మరక అంటుతోంటే ఇంట్లోవాళ్లు విరేచనాలనుకుంటారు. చాలాసార్లు అది మలబద్ధకమే. లోపల గడ్డకట్టిన మలం పక్కనుంచి పల్చటిది బిడ్డకు తెలియకుండానే కారుతుంది. దానికి విరేచనాలు ఆపే మందు వేస్తే ఇబ్బంది ముదురుతుంది.

ఒకసారి నొప్పి పుట్టిందంటే పిల్లాడు మునివేళ్లమీద నిలబడి, కాళ్లు మెలేసుకుని, తలుపు చాటుకు పోతాడు. ముక్కుతున్నాడనుకుంటాం, కానీ వాడు బిగపట్టుకుంటున్నాడు. మలం లోపల ఉన్నకొద్దీ నీరు ఇంకి ఇంకా గట్టిపడుతుంది. పొట్ట నిండుగా ఉంటే ఆకలీ ఉండదు. దాంతో ఆ మూడింటిలో కూడా ఒకటి మానేస్తాడు. ఈ దశలో ఆకుకూరలు, పీచు కుక్కితే కడుపుబ్బరమే మిగులుతుంది.

అందుకే మొదటి మెట్టు పిల్లల డాక్టరు. సాధారణంగా పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి రాసిస్తారు. అది పేగులో నీటిని పట్టి ఉంచి మలాన్ని మెత్తబరుస్తుంది. పేరుకున్నది పోవడానికి కొద్దిరోజులు ఎక్కువ మోతాదు, తర్వాత నెలల తరబడి తక్కువ మోతాదు వాడాలి. అలవాటైపోతుందన్న భయంతో వారానికే మానేయడం దగ్గరే ఎక్కువమంది వెనక్కి జారతారు. సాగిన పేగు మళ్లీ సర్దుకోవడానికి నెలలు పడుతుంది. వాంతులు, మలంలో రక్తం, ఉబ్బిన పొట్ట, బరువు తగ్గడం, కాళ్లలో బలహీనత కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. టిఫిన్ తిన్నాక పేగు సహజంగానే కదులుతుంది కనుక, అప్పుడు కాళ్లకింద పీట వేసి ఐదు నిమిషాలు కమోడ్‌మీద కూర్చోబెట్టండి. వచ్చినా రాకున్నా లేపేయండి.

పాలను మెల్లగా అర లీటరుకు తగ్గిస్తే ఆకలి తిరిగొస్తుంది. ఇక తిండి విషయం. వాడు నమ్మిన దోసె నుంచే బయల్దేరాలి. అదే పెనం, అదే గుండ్రం, అదే కరకర. ఒకసారికి ఒక్కటే మార్చాలి. పిండిలో చెంచాడు పెసరపిండి కలిపి, వాడు చూస్తుండగానే పోయండి. దొంగచాటుగా కలిపింది పసిగడితే దోసెనే వదిలేస్తాడు, ఆటిజం ఉన్న పిల్లల్లో ఇది పెద్ద నష్టం. అలవాటయ్యాక ఇంకో చెంచా. అలా కొన్ని వారాల్లోనో నెలల్లోనో పల్చటి పెసరట్టుకు చేరొచ్చు. ప్రతిసారీ పాత దోసె కూడా పళ్లెంలో ఉండాలి.

పక్కన చిన్న గిన్నెలో ఒక బొప్పాయి ముక్క పెట్టండి. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది అమ్మానాన్నల పని. తినాలా, ఎంత తినాలి అన్నది వాడి ఇష్టం. "ఒక్క ముద్ద, నా బంగారం" అని బతిమాలినా అది ఒత్తిడే. మొదట గిన్నె పక్కనుంటే ఊరుకుంటాడు, తర్వాత ముట్టుకుంటాడు, వాసన చూస్తాడు, నాలుకకు తాకించి ఉమ్మేస్తాడు. ఉమ్మినా తిట్టకండి, పొగడ్తల హడావిడీ వద్దు. కొత్త రుచికి పది పదిహేనుసార్లు పట్టొచ్చు, ఈ పిల్లలకు అంతకన్నా ఎక్కువే. వాడు ముఖం తిప్పుకుంటే మార్పు పెద్దదైందని అర్థం. మర్నాడు పెసరపిండి అర చెంచాకు తగ్గించి పోయండి.