శనివారం ఉత్తరం

రెండో తరగతి పిల్లల ఇళ్లకు నేను పంపిన మొదటి వారపు ఉత్తరం రెండు పేజీలుంది. "గణితం: తీసివేతలు పూర్తయినవి. తెలుగు: ద్విత్వాక్షరాలు అభ్యాసం చేయించడమైనది. తల్లిదండ్రులు ఇంటివద్ద పునశ్చరణ చేయించగలరు" అని రాశాను అందులో. సోమవారం పొద్దున బడి గేటు దగ్గర ఒక తల్లి ఆ కాగితాలు చూపించి, "మేడమ్, ఇందులో నేను చెయ్యాల్సింది ఏంటి?" అని అడిగింది. మళ్లీ చదువుకుంటే ఆమె చెయ్యగలిగిన పని ఒక్కటీ కనబడలేదు. పాఠం పూర్తయిందన్న సంగతి తనిఖీకి వచ్చే అధికారికి కావాలి. కూలి నుంచి వచ్చి పొయ్యి ముట్టించే అమ్మకు కావలసింది, ఆ పూట పిల్లను అడగదగ్గ ఒక్క ప్రశ్న.

ఆ తరవాత నుంచి ఉత్తరం ఒక్క పేజీకి, అదీ ఒకవైపుకే వచ్చింది. ప్రతి శనివారం పంపుతాను. రెండో శనివారం బడికి సెలవు కాబట్టి ఆ వారం శుక్రవారమే ఇస్తాను. పేజీని మొదట్లో పత్రికలా రెండు నిలువు వరుసలు చేశాను. కాగితం మీద చూడటానికి బాగానే ఉండేది కానీ, ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే అక్షరాలు చీమల్లా కనిపించాయి. ఒకే వరుసలో పైనుంచి కిందికి రాస్తేనే చిన్న ఫోనులోనూ చదవడానికి వీలవుతుంది. అక్షరం 14 సైజు, వరుసల మధ్య ఒకటిన్నర రెట్ల ఎడం. అంతకంటే తగ్గిస్తే పై వరుసలోని ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన తెలుగును ఫోనులోకి కాపీ చేస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా మారిపోతుంది. యూనికోడ్‌లో ఉండే మండలి లాంటి ఫాంటుతో ఆ ఇబ్బంది లేదు.

పేజీలో అన్నిటికన్నా పైన తేదీలు పెడతాను. బడిలో చెప్పిన పాఠం ముందుండాలని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. కానీ పాఠం సంగతి ఒకరోజు ఆలస్యంగా చదివినా నష్టం లేదు. తేదీ తప్పితే మాత్రం ఆ రోజు పిల్ల చిన్నబోతుంది. తేదీ రాయడానికీ ఒక పద్ధతి ఉంది. చాలా ఇళ్లలో రోజులు లెక్కపెట్టేది వారాలతోనే కాబట్టి ముందు వారం పేరు, తరవాత అంకె, ఆ పక్కనే ఇంట్లోవాళ్లు చెయ్యాల్సిన పని. 2025 నవంబర్ 7న పంపే ఉత్తరమైతే ఇలా ఉంటుంది: "శుక్రవారం, 14: బాలల దినోత్సవం. పాటలు, ఆటలు. ఇంట్లో ఉన్న బట్టలే వేసి పంపండి, కొత్తవి కొనొద్దు." ఆ చివరి మాట రాయకపోతే గురువారం రాత్రి ఎవరో ఒకరు బట్టల కొట్టుకు పరిగెత్తుతారు. పరీక్ష ఉంటే ఎఫ్ఏ, ఎస్ఏ అన్న పొట్టి పేర్లు రాయను. "చిన్న పరీక్ష, లెక్కలు, ఏమీ తేనక్కర్లేదు" అంటే సరిపోతుంది. తేదీలు మూడు దాటనివ్వను. నెలాఖరు సంగతులు నెలాఖరు ఉత్తరంలోకి పోతాయి.

దాని కింద ఈ వారం నేర్చుకున్నది, ఇంట్లో చెయ్యదగ్గది. ఈ రెండిటినీ వేరువేరు పెట్టెల్లో పెట్టకూడదని నాకు ఆలస్యంగా తెలిసింది. విడదీస్తే పాఠం ఒకటి, ఇంటి పని ఇంకొకటి అయి కూర్చుంటాయి. తీసివేతలు నేర్పిన వారం "రోజూ పది నిమిషాలు చదివించండి" అని రాస్తే ఆ మాటకు బడిలో జరిగినదానితో పొత్తే ఉండదు.

తీసివేత లెక్కనే తీసుకుందాం. 52లోంచి 27 తియ్యాలి. బడిలో చీపురుపుల్లలతో చేశాం. పది పుల్లలకు ఒక కట్ట చొప్పున ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. ఏడు విడి పుల్లలు తియ్యాలంటే ఉన్నవి రెండే. అందుకని ఒక కట్ట విప్పాం. ఇప్పుడు నాలుగు కట్టలు, పన్నెండు పుల్లలు. పన్నెండులో ఏడు తీస్తే ఐదు, నాలుగు కట్టల్లో రెండు తీస్తే రెండు. మిగిలింది 25. ఇదే లెక్కను ఇంట్లో పెద్దవాళ్లు "పక్కింట్లో అప్పు తెచ్చుకో" అని చెబుతారు. అదేమీ తప్పు కాదు. అయితే అప్పు ఇచ్చిన ఐదు నాలుగు ఎందుకయిందో ఆ మాటలో కనబడదు. కట్ట విప్పిన పిల్లకు అది కళ్లముందే ఉంటుంది.

ఉత్తరంలో రాసింది ఇదీ: "ఈ వారం కట్ట విప్పి తీసివేయడం నేర్చుకున్నాం. ఇంట్లో ఐదు పది రూపాయల నోట్లు, రెండు రూపాయి బిళ్లలు ఇవ్వండి. 27 రూపాయల సరుకు కొన్నట్టు ఆడండి. బిళ్లలు చాలకపోతే ఏం చెయ్యాలో పిల్లనే చెప్పనివ్వండి. 35 మిగిలిందంటే తప్పని చెప్పకండి, ఒక నోటు మార్చి పది బిళ్లలు చేతికివ్వండి." ఆ 35 ఊరికే రాసింది కాదు. ఏడులోంచి రెండు, ఐదులోంచి రెండు, ఇలా పెద్ద అంకెలోంచి చిన్నది తీసుకుంటూ పోయే పిల్లలకు సరిగ్గా అదే వస్తుంది. ఏ తప్పు రావచ్చో ముందే తెలిస్తే అమ్మ విసుక్కోదు, పిల్ల ఎక్కడ తడబడిందో ఆమెకే తెలిసిపోతుంది. బిళ్లలు లేనివాళ్లు చింతపిక్కలు వాడతారు.

తెలుగుకు అంత చోటు అక్కర్లేదు. ద్విత్వాక్షరాల వారం వంటింట్లో దొరకనిదేముంది? పప్పు, ఉప్పు, బెల్లం, నెయ్యి, గిన్నె. అమ్మ వస్తువు చూపిస్తే పిల్ల పలక మీద పేరు రాసి చదువుతుంది. ఇందుకు అమ్మకు చదువు రానక్కర్లేదు.

చదువురాని ఇళ్లకు ఉత్తరం ఎలా చేరుతుందన్నదే నన్ను ఎక్కువగా వేధించిన ప్రశ్న. ఉత్తరం చివర పెద్ద అక్షరాలతో రెండు వాక్యాలు పిల్లే చదివి వినిపించేలా రాస్తాను. మిగతాదంతా నిమిషానికి మించకుండా నా గొంతుతో రికార్డు చేసి పంపుతాను. అయినా కొన్ని ఇళ్లకు కాగితం, గొంతు రెండూ చాలవు. కోవిడ్ కాలంలో బడులు మూసినప్పుడు 2020లో బోట్స్వానాలో పరిశోధకులు ఈ సంగతే పరీక్షించి చూశారు. కొందరు తల్లిదండ్రులకు వారం వారం లెక్కలను ఎస్ఎంఎస్‌లో పంపారు. ఇంకొందరికి ఎస్ఎంఎస్‌తోపాటు వారానికోసారి ఫోను చేసి, తల్లినీ పిల్లనూ లైనులో ఉంచి ఆ లెక్కలు చేయించారు. ఫోను కూడా చేసిన ఇళ్లలోనే పిల్లలకు లెక్కలు స్పష్టంగా మెరుగయ్యాయి. తరగతిలో అందరికీ ఫోను చెయ్యడం ఒక్క టీచరువల్ల కాదు. వారానికి నలుగురైదుగురికి చెయ్యగలను. ఎవరికన్నది కాగితమే చెబుతుంది.

పేజీ అడుగున చించి పంపే చిన్న ముక్క ఉంటుంది. దాని మీద "చేశాం", "కుదరలేదు", "పిల్లకు అర్థంకాలేదు" అని మూడు గడులు. ఒకదాంట్లో టిక్కు పెడితే చాలు, సంతకం అడగను. "కుదరలేదు" అన్న గడి లేనప్పుడు ముక్కలు సగానికి సగం తిరిగొచ్చేవి కావు. అది పెట్టాక దాదాపు అన్నీ వస్తున్నాయి. మూడో గడిలో టిక్కున్న ఇళ్లకే ఆ వారం ఫోను. ఒకే లెక్క దగ్గర ఆ టిక్కులు చాలా కనబడితే ఫోను ఎవరికీ చెయ్యను. సోమవారం చీపురుపుల్లలు మళ్లీ బయటికి తీస్తాను.