-0.297 అంటే 29.7 శాతం తక్కువనా?

వేతనాల రిగ్రెషన్‌లో ఎడమవైపు వేతనం బదులు దాని లాగ్ పెట్టాం. కుడివైపు చదువు, అనుభవంతో పాటు ఒక డమ్మీ చలరాశి ఉంది: స్త్రీ అయితే 1, పురుషుడైతే 0. దాని గుణకం -0.297 వచ్చింది. ‘స్త్రీల వేతనం 29.7 శాతం తక్కువ’ అని రాయవచ్చా?

రాయకూడదు. సరైన సంఖ్య 25.7 శాతం. నాలుగు శాతం ఎక్కడికి పోయిందో తెలిస్తే ఇలాంటి గుణకాన్ని ఇక ఎక్కడ చూసినా చదవడం వస్తుంది.

ఇది జెఫ్రీ వూల్‌డ్రిడ్జ్ ఎకనోమెట్రిక్స్ పాఠ్యపుస్తకంలో ఉన్న అసలు ఫలితం. అమెరికాలో 1976 నాటి కరెంట్ పాపులేషన్ సర్వే నుంచి తీసుకున్న 526 మంది ఉద్యోగుల గంట వేతనాలు, డాలర్లలో. ఆ డేటా R లో దొరుకుతుంది కాబట్టి ఎవరైనా వేసి చూసుకోవచ్చు.

```r
library(wooldridge)
m <- lm(lwage ~ female + educ + exper + expersq +
          tenure + tenursq, data = wage1)
b <- coef(m)["female"]
100 * (exp(b) - 1)
```

చివరి వరుసలో ఉన్న `exp(b) - 1` ఎందుకన్నదే మన ప్రశ్న. దానికి ముందు డమ్మీ ఏం చేస్తుందో చూడాలి. ఇద్దరు ఉద్యోగులను తీసుకుందాం. ఇద్దరికీ 12 ఏళ్ల చదువు, 10 ఏళ్ల అనుభవం. ఇప్పుడున్న సంస్థలో ఇద్దరూ 5 ఏళ్లుగా ఉన్నారు. ఒకరు పురుషుడు, ఒకరు స్త్రీ. రిగ్రెషన్ గుణకాలతో లెక్క కడితే పురుషుడి లాగ్ వేతనం 1.754 వస్తుంది. స్త్రీది అందులోంచి 0.297 తీసేస్తే 1.457. డమ్మీ చేసే పని అంతే, లాగ్ కొలతలో ఒక మెట్టు కిందికి దించడం.

మనకు కావలసింది లాగ్ కాదు, డాలర్లు. లాగ్‌ను తిరగేస్తే పురుషుడికి 5.78 డాలర్లు, స్త్రీకి 4.29 డాలర్లు వస్తాయి. పూర్తి దశాంశాలతో లెక్కిస్తే తేడా 1.485 డాలర్లు. దాన్ని 5.78తో భాగిస్తే 25.7 శాతం. ఇక చదువును 16 ఏళ్లకు పెంచండి, అనుభవాన్ని ఎంతకైనా మార్చండి. డాలర్లలో తేడా మారుతుంది గానీ నిష్పత్తి మారదు. లాగ్‌లో తీసివేత అంటే మామూలు కొలతలో భాగహారం కాబట్టి, స్త్రీ వేతనాన్ని పురుషుడి వేతనంతో భాగిస్తే ఎప్పుడూ `exp(-0.297)`, అంటే 0.743 వస్తుంది. ఒకటిలోంచి 0.743 పోతే 0.257. ఇందులో సాంకేతికమైన చిక్కేమీ లేదు. డమ్మీ గుణకం అసలు చెప్పేది నిష్పత్తి గురించి. శాతం ఆ నిష్పత్తి నుంచి మనం తీసుకునేది.

మరి గుణకాన్ని వందతో గుణించి శాతం అని చెప్పే అలవాటు ఎలా వచ్చింది? చిన్న సంఖ్యలకు రెండూ దాదాపు ఒకటే కావడం వల్ల. గుణకం 0.05 అయితే నిజమైన శాతం 5.1. ఇక్కడ ఎవరూ పట్టించుకోనక్కర్లేదు. 0.10 అయితే 10.5. 0.30కి వచ్చేసరికి 35. గుణకం 1 అయితే 100 శాతం కాదు, 172 శాతం. కింది దిశలో తప్పు ఇంకా స్పష్టంగా బయటపడుతుంది. గుణకం -1.2 వచ్చిందనుకోండి. వందతో గుణించి ‘120 శాతం తక్కువ’ అని రాస్తే ఆ వేతనం సున్నా కంటే కిందికి పోయినట్టు. అసలు తగ్గుదల 70 శాతం. లాగ్ రిగ్రెషన్‌లో ఏ గుణకమైనా వేతనాన్ని సున్నా కిందికి దించలేదు. కాబట్టి నూరు దాటిన తగ్గుదల ఎక్కడ కనిపించినా ఆ రాసినవారు `exp` తీసుకోవడం దాటవేశారని తెలిసిపోతుంది.

చదువు గుణకాన్ని మాత్రం అందరూ నేరుగా శాతంగానే చదువుతారు కదా అనిపించవచ్చు. ఇదే రిగ్రెషన్‌లో ఏడాది చదువుకు గుణకం 0.080. నిజమైన శాతం 8.3, కాబట్టి ‘దాదాపు 8 శాతం’ అన్నా పెద్ద నష్టం లేదు. కానీ నాలుగేళ్ల చదువు గురించి మాట్లాడితే 32 శాతం అనకూడదు. `exp(0.32) - 1` ప్రకారం అది 37.7 శాతం. అంటే తేడా డమ్మీకీ మామూలు చలరాశికీ మధ్య లేదు, మెట్టు ఎంత పెద్దదన్న దానిలో ఉంది. డమ్మీకి చిన్న మెట్లు ఉండవు, సున్నా నుంచి ఒకటికి ఒకేసారి దూకుతుంది. ఈ విషయాన్ని రాబర్ట్ హాల్వర్సన్, రేమండ్ పామ్‌క్విస్ట్ 1980లో ‘అమెరికన్ ఎకనమిక్ రివ్యూ’లో ఎత్తి చూపారు. మరుసటి ఏడాదే పీటర్ కెన్నెడీ అదే పత్రికలో దానికి చిన్న సవరణ సూచించారు: `exp` తీసుకునే ముందు గుణకంలోంచి దాని స్టాండర్డ్ ఎర్రర్ వర్గంలో సగం తీసేయమని. మన ఉదాహరణలో స్టాండర్డ్ ఎర్రర్ 0.036. సవరణ చేసినా 25.7 శాతం అలాగే ఉంటుంది. స్టాండర్డ్ ఎర్రర్ 0.4 వంటి పెద్ద సంఖ్య అయినప్పుడే ఆ సవరణ కంటికి కనిపిస్తుంది. అప్పటికి ఆ గుణకాన్నే అంతగా నమ్మలేం.

స్టాండర్డ్ ఎర్రర్ మాట వచ్చింది కనుక, అంచనా పరిధిని కూడా లాగ్‌లోనే కట్టి తర్వాత రెండు కొసలనూ మార్చుకోవాలి. -0.297కి అటూ ఇటూ 1.96 రెట్ల 0.036 వేస్తే -0.368 నుంచి -0.226 వరకు వస్తుంది. శాతాల్లో అది 30.8 తగ్గుదల నుంచి 20.3 తగ్గుదల దాకా. 25.7 ఆ పరిధికి సరిగ్గా నడుమ ఉండదు. అది తప్పు కాదు, అలాగే ఉండాలి.

ఇప్పుడు ప్రశ్నను తిరగేద్దాం. స్త్రీలది 25.7 శాతం తక్కువైతే పురుషులది ఎంత ఎక్కువ? 25.7 కాదు. తేడా అదే 1.485 డాలర్లు, ఈసారి 4.29తో భాగించాలి. 34.6 శాతం వస్తుంది. డమ్మీని తిప్పి పురుషుడికి 1 ఇస్తే గుణకం +0.297 అవుతుంది, `exp(0.297) - 1` కూడా ఆ 34.6 శాతమే ఇస్తుంది. గుణకంలో గుర్తు తప్ప ఏమీ మారలేదు, శాతం మాత్రం మారిపోయింది. అందుకే ‘వేతన వ్యత్యాసం ఇంత శాతం’ అని రాసి, ఎవరి వేతనం మీద శాతమో చెప్పకపోతే ఆ వాక్యం సగమే చెప్పినట్టు. నా వరకు శాతంతో పాటు నిష్పత్తిని కూడా రాయడమే మంచిదనిపిస్తుంది: పురుషుడికి డాలరు వచ్చే చోట స్త్రీకి 74 సెంట్లు. ఇందులో ఆధారం ఏదో చదివేవారు వెతుక్కోనక్కర్లేదు.

డమ్మీలు ఒకటికి మించితే ఈ జాగ్రత్త మరింత అవసరం. అదే పుస్తకంలో పెళ్లి కాని పురుషులను ఆధారంగా పెట్టుకున్న మరో రిగ్రెషన్ ఉంది. పెళ్లయిన పురుషుల గుణకం 0.213, పెళ్లయిన స్త్రీలది -0.198. శాతాల్లో చూస్తే ఒకరు 23.7 ఎక్కువ, ఇంకొకరు 18 తక్కువ. పెళ్లయిన పురుషులతో పోలిస్తే పెళ్లయిన స్త్రీలకు ఎంత తక్కువ? రెండు శాతాలూ కలిపి 41.7 అనేస్తే తప్పు, ఎందుకంటే అవి రెండూ పెళ్లి కాని పురుషుల వేతనం మీద కట్టినవి. ముందు గుణకాలను తీసివేయాలి: -0.198లోంచి 0.213 పోతే -0.411. దాన్ని మారిస్తే 33.7 శాతం తక్కువ. లాగ్‌లో ఉన్నంతసేపు కూడికలూ తీసివేతలూ అన్నీ చేసుకోవచ్చు. శాతానికి మార్చడం చివరి పని.

మరో చిన్న జాగ్రత్త. ఈ లెక్కలన్నీ సహజ లాగ్‌కే వర్తిస్తాయి. R లో `log()` సహజ లాగే, కానీ ఎక్సెల్‌లో `LOG` అంటే పది ఆధారం; అక్కడ `LN` వాడాలి. పది ఆధారంతో -0.297 వస్తే నిష్పత్తి 0.743 కాదు, సుమారు 0.505.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయం. 0.743 అనేది దేనికీ దేనికీ మధ్య నిష్పత్తి? సగటు వేతనాలకు మధ్య అని చాలామంది అనుకుంటారు. రిగ్రెషన్ సగటు తీసింది లాగ్ వేతనాలకు. లాగ్‌ల సగటును తిరగేస్తే వచ్చేది మనం మామూలుగా సగటు అనే అంకమధ్యమం కాదు, గుణమధ్యమం. ఒక చిన్న లెక్క చూడండి. ఒక జట్టులో ఇద్దరికి రోజు కూలి 400, 900 రూపాయలు. రెండో జట్టులో ఇద్దరికీ చెరో 600. మొదటి జట్టు గుణమధ్యమం 400 × 900కి వర్గమూలం, అంటే 600. రెండో జట్టుదీ 600. కాబట్టి లాగ్ రిగ్రెషన్‌లో డమ్మీ గుణకం సరిగ్గా సున్నా వస్తుంది. కానీ సగటు కూలి ఒక జట్టులో 650, మరో జట్టులో 600. యజమాని మొదటి జట్టుకు ఎక్కువే చెల్లిస్తున్నాడు, గుణకం మాత్రం తేడా లేదంటోంది.

ఇక్కడ రిగ్రెషన్ అబద్ధం చెప్పలేదు. అది వేరే ప్రశ్నకు జవాబిచ్చింది. రెండు గుంపుల్లోనూ లాగ్ వేతనాల చెదురు ఒకేలా ఉంటే గుణమధ్యమాల నిష్పత్తి, సగటుల నిష్పత్తి ఒకటే అవుతాయి. చెదురు వేరైతే అవీ వేరవుతాయి. లాగ్ వేతనాల దోషం అటూ ఇటూ సమానంగా పరుచుకుని ఉంటే, నిష్పత్తిని మధ్యగతాల నిష్పత్తిగా చదువుకోవచ్చు. అంటే గుంపు నడుమ నిలిచిన మనిషితో నడుమ నిలిచిన మనిషికి పోలిక. వేతనాల విషయంలో చాలాసార్లు మనకు కావలసింది అదే.

సగటులే కావాలంటే రెండు దారులున్నాయి. మొదటిది రిగ్రెషన్ శేషాలను స్త్రీలకూ పురుషులకూ విడివిడిగా తీసి, వాటి విస్తృతులు చూడడం. దోషాలు నార్మల్ పంపిణీకి దగ్గరగా ఉంటే, డమ్మీలో 1 ఉన్న గుంపు విస్తృతిలోంచి 0 ఉన్న గుంపు విస్తృతి తీసేసి, అందులో సగాన్ని గుణకానికి కలిపి, అప్పుడు `exp` తీసుకోవాలి. పై కూలి లెక్కలో మొదటి జట్టుకు 1 ఇస్తే దాని లాగ్ విస్తృతి 0.164, రెండోదానిది సున్నా. సగం 0.082, నిష్పత్తి 1.086 వస్తుంది. అసలు నిష్పత్తి 650ని 600తో భాగిస్తే 1.083. ఇద్దరిద్దరే ఉన్న జట్లకు అంత దగ్గరగా రావడం మంచిదే. రెండో దారి లాగ్ తీసుకోవడమే మానేసి, వేతనాన్ని ఉన్నదున్నట్టు ఎడమవైపు పెట్టి పాయిసాన్ రిగ్రెషన్ వేయడం. ఆర్థికవేత్తలు శాంతోస్ సిల్వా, తెన్‌రేరో 2006లో దేశాల మధ్య వర్తకం లెక్కల కోసం దీన్ని గట్టిగా సమర్థించారు. వేతనాలకూ ఇది పనికొస్తుంది. R లో ఇలా:

```r
p <- glm(wage ~ female + educ + exper + expersq +
           tenure + tenursq,
         family = quasipoisson, data = wage1)
exp(coef(p)["female"])
```

ఇక్కడ వచ్చే సంఖ్య నేరుగా సగటు వేతనాల నిష్పత్తి. దీన్నీ, లాగ్ రిగ్రెషన్ ఇచ్చిన 0.743నీ పక్కపక్కన పెట్టండి. రెండూ దగ్గరగా ఉంటే ఏది రాసినా పెద్ద తేడా లేదు. దూరంగా ఉంటే ముందు అనుమానించాల్సింది రెండు గుంపుల్లో వేతనాలు ఒకేలా చెదరలేదని. అప్పుడు మీ వాక్యంలో సగటు అని రాస్తున్నారో మధ్యగతం అని రాస్తున్నారో తేల్చుకోవాల్సి వస్తుంది.