చేతిరాత దరఖాస్తు కంప్యూటర్‌లోకి ఎక్కేటప్పుడు: అచ్చు ఏది, మీ రాత ఏది?

(ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల లబ్ధిదారుల కోసం)

మీరు పెన్నుతో నింపి ఇచ్చిన ఫారాన్ని సచివాలయంలో చూసి కంప్యూటర్‌లో ఎక్కిస్తారు. పల్లెల్లో ఈ పని ఎక్కువగా డిజిటల్ అసిస్టెంట్ చేస్తారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాల్లో అయితే వార్డు సచివాలయంలో చేస్తారు. ఆ ఫారంలో రెండు రకాల అక్షరాలు ఉంటాయి. ఒకటి ముందే అచ్చయిన ప్రశ్న, రెండోది మీరు రాసిన జవాబు. ఎక్కించేటప్పుడు ఈ రెండూ కలిసిపోతే అర్హత ఉన్నవాళ్లకు కూడా "అనర్హులు" అని రావచ్చు. అది ఎట్లా జరుగుతుందో, మీరు ఎట్లా పట్టుకోవచ్చో ఒక ఉదాహరణతో చూద్దాం.

ఉదాహరణ: ఒక వితంతు పింఛను దరఖాస్తు

జమ్మలమడుగు మండలంలోని ఒక పల్లెలో ఉండే అమ్మ వితంతు పింఛనుకు దరఖాస్తు పెడుతోంది అనుకుందాం. కూతురు ప్రొద్దుటూరులో జిరాక్స్ అంగడిలో ఫారం కొనుక్కొచ్చి, అమ్మ చెబుతుంటే నింపింది. ఆ ఫారంలో నాలుగు చోట్ల చిక్కు ఉంది.

1. మండలం గడి

ఫారం కొన్నప్పుడే "మండలం" అనే మాట ఎదురుగా "ప్రొద్దుటూరు" అని చేతిరాతతో ఉంది. ఎవరో ఒకసారి రాసిన కాగితాన్నే అంగడిలో వందల జిరాక్సులు తీశారు. చూడడానికి అది చేతిరాతే, కానీ ఈ అమ్మ రాసింది కాదు. కూతురు దాని పక్కన చిన్నగా "జమ్మలమడుగు" అని రాసింది, పాతదాన్ని మాత్రం కొట్టేయలేదు. ఎక్కించేవాళ్లు పెద్దగా కనిపించిన మాటనే తీసుకుంటే దరఖాస్తు వేరే మండలం కిందికి పోతుంది.

దీన్ని గుర్తుపట్టడం తేలికే. నీలం పెన్నుతో రాస్తే మీ రాత నీలంగా, జిరాక్స్ రాత నల్లగా ఉంటుంది. నల్ల పెన్నుతో రాసినా, నింపిన ఫారాన్ని మళ్లీ జిరాక్స్ తీసి ఇచ్చినా ఆ తేడా పోతుంది. అందుకే నీలం పెన్నుతో నింపిన అసలు కాగితమే ఇవ్వండి, జిరాక్స్ మీ దగ్గర పెట్టుకోండి.

2. భర్త పేరు

ఫారంలో "తండ్రి / భర్త పేరు: శ్రీ" అని అచ్చులో ఉంది. కూతురు "తండ్రి" అనే మాటను కొట్టేసి, "శ్రీ" తర్వాత "లేట్" అని రాసి నాన్న పేరు రాసింది. ఇక్కడ "శ్రీ" అచ్చుది, పేరులో భాగం కాదు. "లేట్" చేత్తో రాసిందే, కానీ అదీ పేరు కాదు, ఆయన చనిపోయారని చెప్పే మాట. ఈ రెండిటినీ పేరుతో కలిపి ఎక్కిస్తే, మరణ ధృవీకరణ పత్రంలోని పేరుతో సరిపోదు. పేరు గడిలో పేరు మాత్రమే ఉండాలి.

3. భూమి

అసలు చిక్కు ఇక్కడ ఉంది. ఫారంలో "మాగాణి / మెట్ట: ఎ. ..... సెం. ....." అని అచ్చులో ఉంది. కూతురు "మెట్ట" మీద టిక్ పెట్టి, మొదటి చుక్కల మీద 4, రెండో చుక్కల మీద 5 అని రాసింది. అంటే మెట్ట నాలుగు ఎకరాల ఐదు సెంట్లు.

టిక్ సన్నగా ఉండి, ఎక్కించేవాళ్లు వరుసలో మొదట ఉన్న "మాగాణి" తీసుకున్నారనుకోండి. 2019 డిసెంబరులో వచ్చిన పింఛను నిబంధనల ప్రకారం కుటుంబానికి మాగాణి 3 ఎకరాల లోపు, లేదా మెట్ట 10 ఎకరాల లోపు, రెండూ ఉంటే కలిపి 10 ఎకరాల లోపు ఉండాలి. నాలుగు ఎకరాల మెట్ట ఉంటే అర్హత ఉంటుంది. అదే నాలుగు ఎకరాలు మాగాణి అని పడితే అర్హత పోతుంది. అమ్మ రాసిన అంకె మారలేదు, అచ్చులో ఉన్న రెండు మాటల్లో ఏది ఎంచుకుందో అదొక్కటే మారింది.

అంకెలోనూ ఇంకో తప్పు జరగొచ్చు. "ఎ.", "సెం." అనే అచ్చు మాటలు వదిలేసి 4, 5 కలిపితే 4.5 అవుతుంది. ఎకరానికి వంద సెంట్లు కాబట్టి 4.5 అంటే నాలుగు ఎకరాల యాభై సెంట్లు. సరైనది 4.05. అందుకే సెంట్లు ఒక్క అంకె అయితే ముందు సున్నా పెట్టి "05" అని రాయండి. రెండు మాటల్లో ఒకటి ఎంచుకోవాలంటే టిక్‌తో ఆపకుండా, వద్దన్న మాటను గీత పెట్టి కొట్టేయండి.

4. ఆదాయం

"ఆదాయం (నెలకు / సంవత్సరానికి): రూ." అని ఉన్నచోట కూతురు 84,000 అని రాసి, "నెలకు" కొట్టేయడం మరిచిపోయింది. ఆ నిబంధనల్లో నెల ఆదాయం పల్లెల్లో 10,000, పట్టణాల్లో 12,000 రూపాయల లోపు ఉండాలి. సంవత్సరానికి 84,000 అంటే నెలకు 7,000, అర్హత ఉంది. నెలకు 84,000 అని ఎక్కితే లేదు.

ఇంకొకరి ఫారం చూసి రాసిపెట్టేవాళ్లకు

మీ ఇంట్లో పిల్లలో, పక్కింటివాళ్లో ఫారాన్ని ఫోన్‌లో టైపు చేసి పంపుతుంటే ఈ పద్ధతి పాటించమనండి. అచ్చులో ఉన్నది ఉన్నట్టు రాసి, చేత్తో రాసింది మాత్రం చదరపు బ్రాకెట్లలో పెట్టాలి. పై ఫారం ఇట్లా వస్తుంది:

మండలం: [జమ్మలమడుగు] (పక్కన జిరాక్స్‌లో వచ్చిన పాత రాత: ప్రొద్దుటూరు)
మాగాణి / మెట్ట: [మెట్ట మీద టిక్] ఎ. [4] సెం. [5]
ఆదాయం (నెలకు / సంవత్సరానికి): [ఏదీ కొట్టేయలేదు] రూ. [84,000]
సెల్ నంబరు: [ఖాళీ]

ఇందులో మూడు సంగతులు చూడండి. మొదటిది, సెంట్ల దగ్గర 5 అని ఉంటే 5 అనే రాశాం, మనంతట మనం 05 చేయలేదు. రెండోది, ఖాళీగా ఉన్న గడిని "ఖాళీ" అని చెప్పాం. ఖాళీ వేరు, "లేదు" అని రాయడం వేరు, "0" వేరు. ఖాళీ అంటే ఇంకా అడగాలి. మూడోది, ఆదాయం నెలదో ఏడాదిదో ఊహించలేదు. "ఏమ్మా, ఈ ఎనభై నాలుగు వేలు నెలకా, ఏడాదికా?" అని ఆ అమ్మనే అడిగి, ఆమె చేతనే కొట్టేయించాలి. చదవడానికి రాని అక్షరం ఉంటే "[చదవలేం]" అని పెట్టి అడగాలి.

ఫారం అడుగున "కార్యాలయ ఉపయోగం కొరకు" అని ఉండే భాగంలో రాత కూడా చేతిరాతే. కానీ అది సిబ్బంది రాసేది. అందులో మీరు ఏమీ రాయకండి.

రసీదు చేతికొచ్చాక

ఎక్కించడం అయ్యాక, లేవకముందే తెర మీద ఉన్నది చదివి వినిపించమని అడగండి. ఒట్టి జవాబు వింటే చాలదు, ప్రశ్నతో కలిపి వినాలి. "నాలుగు ఎకరాలు" అంటే తప్పు తెలియదు. "మాగాణి నాలుగు ఎకరాలు" అంటే అక్కడే పట్టుకోవచ్చు. మండలం, పేరు, భూమి రకం, ఎకరాలు సెంట్లు, ఆదాయం నెలకా ఏడాదికా, ఈ ఐదూ మీ దగ్గరున్న జిరాక్స్‌తో సరిచూసుకోండి.

తర్వాత "అనర్హులు" అని వస్తే, ఏ కారణంతో అని అడిగి రాయించుకోండి. కారణం భూమి అనో, ఆదాయం అనో ఉంటే ముందు మీ జిరాక్స్‌లో ఆ గడి చూడండి. మీరు రాసింది సరిగ్గా ఉండి, ఎక్కించింది వేరుగా ఉంటే, ఆ జిరాక్స్, భూమికైతే పాసు పుస్తకం, ఆదాయానికైతే ఆదాయ ధృవీకరణ పత్రం తీసుకుని అదే సచివాలయానికి వెళ్లి సరిచేయమని అర్జీ ఇవ్వండి. అర్జీలో "నాకు పింఛను రాలేదు" అని మాత్రమే రాస్తే తప్పు ఎక్కడుందో తెలియదు. "నా ఫారంలో మెట్ట 4 ఎకరాల 05 సెంట్లు అని ఉంది, కంప్యూటర్‌లో మాగాణి అని పడింది" అని రాయండి. అప్పుడు ఏ గడి మార్చాలో సిబ్బందికి వెంటనే తెలుస్తుంది.