గులాబీ వెలుగు ఎటునుంచి వస్తోంది?

1982లో వచ్చిన ‘బ్లేడ్ రన్నర్’ సినిమాలో ఛాయాగ్రాహకుడు జోర్డన్ క్రోనెన్‌వెత్ వానకు తడిసిన రాత్రి వీధుల్లో పొగ నింపి, మనుషుల వెనక నుంచి వెలుతురు కొట్టించాడు. ముఖాలు సగం చీకట్లో ఉంటాయి, అంచులు మాత్రం మెరుస్తుంటాయి. సైబర్‌పంక్ అనగానే మన కళ్లముందు మెదిలే రూపానికి చాలావరకు అక్కడే పునాది పడింది. ఇప్పుడు మామూలు వీధి ఫొటోను కూడా అలా మార్చుకోవచ్చు. కానీ ఫోన్‌లో ఫిల్టర్ నొక్కితే ఫొటో మొత్తం ఊదారంగు నీళ్లలో ముంచి తీసినట్టు తయారవుతుంది. ఫొటోలో ఏ దీపం ఎక్కడుందో ఫిల్టర్ పట్టించుకోదు. ఈ పనికి ఆధారమంతా ఆ దీపాలే.

హైదరాబాద్ కోఠి లాంటి బజారులో వాన వెలిశాక తీసిన ఫొటో ఒకటి ఉందనుకుందాం. ఎడమవైపు మందుల షాపు మీద ఆకుపచ్చ ప్లస్ గుర్తు, కుడివైపు సెల్‌ఫోన్ల షాపు ఎర్ర బోర్డు, మధ్యలో గొడుగు పట్టుకుని నడుస్తున్న ఒకామె. దీన్ని రా ఫైల్‌గా, ఒక స్టాప్ తక్కువ ఎక్స్‌పోజర్‌తో తీసి ఉంటే సగం పని అయినట్టే. చీకటిని తర్వాత కొంత పైకి లాగవచ్చు. వెలుగు ఎక్కువై తెల్లగా పేలిపోయిన బోర్డులోకి మాత్రం రంగు తిరిగి రాదు.

రంగుల విషయానికొస్తే, ముందు వైట్ బ్యాలెన్స్‌ను 3500 కెల్విన్ దాకా దించితే వీధి చల్లబడుతుంది. తర్వాత రంగులవారీగా సవరించే ప్యానెల్‌లో ఆకుపచ్చను నీలిపచ్చ వైపు, ఎరుపును గులాబీ వైపు జరపాలి. అప్పుడు ప్లస్ గుర్తు, బోర్డు, తడి రోడ్డు మీద వాటి ప్రతిబింబాలు అన్నీ కలిసే మారతాయి. బోర్డు ఒక రంగులో, రోడ్డు మీద దాని నీడ మరో రంగులో ఉంటే చూసేవాళ్లు ఇట్టే పట్టేస్తారు. ఎరుపు జరిగినప్పుడు ఆమె ముఖం కూడా గులాబీ అవుతుంది కాబట్టి చర్మాన్ని మాస్క్‌తో కాపాడుకోవాలి. చివరగా నీడల్లో కొద్దిగా నీలం కలపాలి, కానీ గొడుగు కింది చీకటిని నల్లగానే ఉంచాలి. నలుపు పోతే నియాన్‌కు బలం పోతుంది.

పాత సోడియం దీపాల వీధి అయితే ఈ దారి పెద్దగా పనిచేయదు. ఆ నారింజ వెలుగులో నీలం దాదాపు ఉండదు. బలవంతంగా నీలం చేయబోతే చుక్కలు చుక్కలుగా నాయిస్ బయటపడుతుంది.

కాంతి వలయం కోసం ఫొటోకు ఒక కాపీ లేయర్ చేసి, లెవెల్స్‌తో దాన్ని బాగా నల్లబరచాలి. బోర్డు, ప్లస్ గుర్తు, వాటి మెరుపులు మాత్రమే మిగలాలి. దానికి గాసియన్ బ్లర్ ఇచ్చి, బ్లెండ్ మోడ్‌ను స్క్రీన్‌లో పెట్టాలి. స్క్రీన్‌లో నలుపు కింది బొమ్మను ముట్టుకోదు, వెలుగు ఉన్నచోటే వెలుగు చేరుతుంది. 6000 పిక్సెళ్ల వెడల్పు ఫొటోకు 15 పిక్సెళ్ల బ్లర్‌తో ఒకటి, 120తో మరొకటి పెట్టి, రెండోదాన్ని బాగా పలచన చేస్తే అక్షరం చుట్టూ గట్టి వెలుగు, దూరంగా పలచని వ్యాపనం వస్తాయి. నల్లబరచకుండా ఫొటో మొత్తాన్ని బ్లర్ చేస్తే వచ్చేది పొగమంచే.

అన్నిటికన్నా ఓపిక అడిగేది అంచు వెలుగు. ఆమెను సెలెక్ట్ చేసి, ఆ ఆకారం లోపలే రంగు పడేలా స్క్రీన్ మోడ్‌లో ఖాళీ లేయర్ పెట్టాలి. మెత్తని బ్రష్‌ను ఆకారానికి బయట ఉంచి గీస్తే, దాని అంచు మాత్రమే లోపలికి తాకి సన్నని గీత వస్తుంది. కుడి భుజానికి, గొడుగు కుడి అంచుకు గులాబీ. ఎడమవైపు నీలిపచ్చ, అది కూడా ప్లస్ గుర్తు ఎంత దగ్గరుంటే అంత. దీపం రెండింతల దూరంలో ఉంటే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది కదా, గీత కూడా అలాగే తగ్గాలి. తడిసిన గొడుగు బట్ట మీద గీత పదునుగా, నూలు చీర మీద మసకగా ఉండాలి. ఆకారం చుట్టూ ఒకే మందంతో గీత తిప్పేస్తే ఆమెను వేరే ఫొటోలోంచి కత్తిరించి అతికించినట్టు కనిపిస్తుంది. నేను చూసే ఇలాంటి ఫొటోల్లో ఎక్కువ భాగం చెడేది ఇక్కడే.

పని అయ్యాక ఫొటోను కాసేపు నలుపు తెలుపులోకి మార్చి చూడాలి. అప్పుడు కూడా ఆమె వెనకనున్న వీధి నుంచి విడిగా కనిపిస్తే అంచు వెలుగు సరిపోయింది. కలిసిపోతే మళ్లీ రంగుల జోలికి వెళ్లకుండా, ఆమె వెనక గోడను కాస్త చీకటి చేయాలి.